సింగ్‌నగర్ మొక్కలు: 384 నాటాం, 241 బతికున్నాయి

జూలైలో మన పేజీలో పెట్టిన పోస్టు తీసేసి దాని బదులు ఇది పెడుతున్నాం. అందులో ‘వెయ్యి మొక్కలతో హరిత సింగ్‌నగర్’ అని ఉంది. వెయ్యి అనేది ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు అనుకున్న లెక్క. అన్ని మొక్కలు కొననే లేదు. ‘రేపటి తరానికి ప్రాణవాయువు’ అన్న లైను కూడా తీసేశాం. మూడడుగుల మొక్క ఎవరికీ ప్రాణవాయువు లెక్కకట్టి ఇవ్వలేదు. చందాలు ఇచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: ఎన్ని నాటారు, ఎన్ని మిగిలాయి, డబ్బు ఎటు పోయింది? ఇదిగో లెక్క.

2025 జూలై 13, ఆదివారం. నర్సరీ నుంచి 420 మొక్కలు వచ్చాయి. వ్యాన్‌లోంచి దించేటప్పుడే 14 మొక్కలకు కవరు చిరిగి వేళ్ల దగ్గర మట్టిముద్ద విడిపోయింది, వాటిని నాటలేదు. 22 మొక్కలు ఇళ్లవాళ్లు పెరట్లో పెట్టుకుంటామంటే ఇచ్చేశాం. వాటి సంగతి మాకు తెలియదు కాబట్టి లెక్కలో కలపలేదు. ఐదు వీధుల్లో, రోడ్డు పక్కన, రెండడుగుల గుంట తీసి నాటినవి 384.

ఈ ఏడాది జనవరి 25న వీధికి ఇద్దరు చొప్పున నోటుపుస్తకం పట్టుకుని తిరిగి లెక్కపెట్టారు. ఆకు ఉంటే బతికినట్టే. ఆకు రాలిపోయి ఉంటే గోటితో బెరడు కాస్త గీరి చూశారు, లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయినట్టు. అలా తేలినవి 241. అంటే నూటికి 63. ఆరు నెలలకే ఇది, ఎండాకాలం ఇంకా రాలేదు.

ఏ మొక్క ఎంత నిలబడిందో చూడండి. కానుగ 140కి 102. వేప 96కి 58. నేరేడు 60కి 37. రావి 12కి 9. తురాయి 76కి 35. తురాయి ఎర్రగా పూస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది అని కొందరు పట్టుబట్టి తెప్పించారు. కొమ్మలు పెళుసు, గాలికి విరుగుతాయి, ఇకముందు రోడ్డు పక్కన తురాయి వద్దనే మా అభిప్రాయం. కోనోకార్పస్ మాత్రం నర్సరీ అతను తక్కువకే ఇస్తానన్నా తీసుకోలేదు. ఎంత త్వరగా పెరిగినా, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

పోయిన 143 ఎలా పోయాయి? 52 మేకలు, ఆవులు తినేశాయి. 29 డ్రైను కోసం, కేబుల్ కోసం తవ్వినప్పుడు లేచిపోయాయి. ముందురోజు చెబితే తీసి పక్కన పెట్టుకునేవాళ్లం, ఎవరూ చెప్పలేదు. 27 నీళ్లు లేక ఎండిపోయాయి. 15 నీళ్లు ఎక్కువై కుళ్లాయి. 9 కరెంటు తీగల కింద నాటినవి, కొమ్మలు కొట్టేటప్పుడు మొదలంటా పోయాయి. 7 ఎవరో పీక్కుపోయారు. మిగతా 4 ఎందుకు చచ్చాయో మాకు అంతుపట్టలేదు.

ఆ కుళ్లిన 15లో 12 వేపలే, అన్నీ బుడమేరు కట్ట పక్క వీధిలోవే. అక్టోబరు చివర్లో మోంథా తుపాను వానలకు ఆ వీధిలో నీళ్లు నిలిచాయి. 2024 సెప్టెంబరు వరదలో రోజుల తరబడి మునిగిన వీధి అది, పల్లం అని అందరికీ తెలుసు. వేపకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పడదు, కానుగ తట్టుకుంటుంది. అదే వీధిలో కానుగలు నిలబడ్డాయి. వచ్చే వానాకాలం కట్ట పక్కన వేప నాటం.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ట్రీగార్డులది. వెదురు గార్డు కట్టినవి 160, వాటిలో 131 బతికాయి. గార్డు లేనివి 224, వాటిలో 110. అంటే నూటికి 82, నూటికి 49. ఇదంతా గార్డు గొప్పే అనలేం. నీళ్లు పోస్తామని ఒప్పుకున్న ఇళ్ల ముందే ఎక్కువగా గార్డులు కట్టాం, ఆ ఇళ్లవాళ్ల చెయ్యి కూడా అందులో ఉంది. మార్కెట్ వీధిలో టీ కొట్టు ఎదురుగా ఉన్న నాలుగు కానుగలకు గార్డే లేదు, నాలుగూ బతికాయి. కొట్టు నడిపే ఆవిడ గ్లాసులు కడిగిన నీళ్లు రోజూ వాటికే పోస్తుంది, మేక దగ్గరికొస్తే చీపురు తీస్తుంది.

మొక్కలు నాటిన రోజు ఫొటోలో 210 మంది ఉన్నారు. ఇప్పుడు నీళ్ల పనికి వస్తున్నది 17 మంది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. అయినా ‘210 మంది వాలంటీర్లు’ అని ఇకమీదట రాయం.

డబ్బు సంగతి. వసూలైంది 1,12,000 రూపాయలు. మొక్కలకు 25,200, వ్యాన్‌కు 6,500, వెదురు గార్డులకు 28,800, గుంటలు తీసిన కూలీలకు 15,360, పశువుల ఎరువుకు, వేపపిండికి 7,000, నీళ్ల ట్యాంకర్లు 22కి 15,400, ఫ్లెక్సీకి 2,400, టిఫిన్లకు 1,840. మొత్తం ఖర్చు 1,02,500. చేతిలో ఉన్నది 9,500. మొక్క 60 రూపాయలకే వచ్చింది కదా అంటారు కొందరు. ఖర్చంతా బతికున్న 241 మొక్కల మీద వేస్తే ఒక్కోదానికి 425 రూపాయలు పడింది. ‘అరవై రూపాయలకే ఒక చెట్టు’ అని చందా అడగడం అందుకే మానేశాం. ఫ్లెక్సీ డబ్బుతో ఇంకో 13 గార్డులు వచ్చేవి, ఈసారి ఫ్లెక్సీ లేదు.

ఈ మొక్కలు ఇప్పుడు మోకాలెత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా ఉన్నాయి. కొన్నిటిని మేక కొరికితే మళ్లీ మొదలు నుంచి చిగురేశాయి, అందుకే నాటినప్పటికంటే పొట్టిగా ఉన్నవీ ఉన్నాయి. నీడ ఇంకా లేదు. వీధి చల్లబడిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ముందున్నది ఎండాకాలం. మొక్కకు పది లీటర్ల చొప్పున ఒక్కసారి పోయడానికి 2,410 లీటర్లు కావాలి. అయిదువేల లీటర్ల ట్యాంకరు రెండుసార్లకు సరిపోతుంది, వారానికి ఒక ట్యాంకరు అన్నమాట. మార్చి మొదటి వారం నుంచి జూన్ మధ్య దాకా 15 ట్యాంకర్లు, ట్యాంకరుకు 700 చొప్పున 10,500 రూపాయలు. గార్డు లేని 110 మొక్కలకు గార్డు 180 చొప్పున 19,800. రెండూ కలిపి 30,300. ఉన్న 9,500 పోను 20,800 కావాలి. అడుగుతున్నది అంతే, అంతకుమించి వస్తే వెనక్కి ఇచ్చేస్తాం. డబ్బే ఇవ్వక్కర్లేదు. మీ ఇంటి ముందున్న మొక్కకు వారానికి రెండు బకెట్లు పోస్తామంటే ఆ మొక్కను ట్యాంకర్ లెక్కలోంచి తీసేస్తాం. గార్డుకు చాలినంత పాత ఇనుప మెష్ ఉన్నా తీసుకుంటాం.

కొత్త మొక్కలు ఈ జూలైలో నాటితే 60కి మించవు, అదీ ఎండాకాలం దాటి ఎన్ని మిగిలాయో చూశాకే. అన్నిటికీ గార్డు ఉంటుంది, తీగల కింద ఒక్కటీ ఉండదు.

లెక్క పుస్తకం, బిల్లులు ప్రతి ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 దాకా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. చందా కూడా అక్కడే, రసీదు ఇస్తారు. మీ వీధి లెక్కలో తేడా కనిపిస్తే వచ్చి చెప్పండి, కలిసి వెళ్లి మళ్లీ లెక్కపెడదాం. తర్వాతి లెక్క జూన్ 28న. ఈసారి వీధికి ముగ్గురు కావాలి, ఒకరు ఆ వీధివాళ్లు కాకుండా ఉంటే మంచిది.

మొక్కల కమిటీ తరఫున, 2026 ఫిబ్రవరి 1