నాలుగు టీల బాకీ

గురువారం, రాత్రి 9:12
వసుధ: ప్రవీణ్ గారూ, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవారు ఎదుటివారికి ఒక టీ ఇప్పించాలన్న నియమం పెట్టింది మీరేనని మరొకసారి గుర్తు చేస్తున్నాను. ఈ మధ్యాహ్నం ఒంటిగంటకు ‘తిన్నారా’ అని మీరు అడిగిన ఆ ఒక్క మాట కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చింది. దానితో మీ బాకీ నాలుగు టీలకు చేరింది. ఇంతవరకు ఒక్క టీ కూడా నా చేతికి అందలేదు.

9:20
ప్రవీణ్: నేరం ఒప్పుకుంటున్నాను. అయితే తిన్నారో లేదోనన్న ఆత్రంలో చేసిన తప్పుకు శిక్షలో కొంత తగ్గింపు ఉండాలని మనవి. పైగా ఆ ప్రశ్నకు మీరు ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

9:31
వసుధ: తిన్నాను, కానీ తిన్నానని చెప్పుకోవడానికి మనసు రావడం లేదు. మా ఆఫీసు పక్కన టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు ఉప్మా అడిగితే, పులిసిన పిండితో వేసిన అట్టును మడిచి, ఉప్మాను పక్కన ముద్దగా పెట్టి ఇచ్చారు. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బిన పిండిని పులియనివ్వకుండా అప్పటికప్పుడు వేయాలి, అట్టు పెనం మీద ఉండగానే అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి ముక్కలు దాని మీద చల్లాలి, ఉప్మా లోపల ఒదిగి ఉండాలి, పక్కన అల్లం పచ్చడి ఉండాలి. కాకినాడలో పుట్టినదానికి ఇంతకన్నా తక్కువకు సర్దుకోవడం రాదు. భోజనం విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ రాదు.

9:40
ప్రవీణ్: చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివి, అద్దంలో ఒకసారి చూసుకుని వచ్చాను. ఇక పెసరట్టు సంగతికి వస్తే, ఒక టిఫిన్ కడుపులో ఇంకొక టిఫిన్ దాచిపెట్టడమంటే ఏది తినాలో తేల్చుకోలేనివారు చేసిన పని అని నాకు ఎప్పటినుంచో అనుమానం. మా హన్మకొండలో సర్వపిండి ఒక్కటే చాలు. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన గిన్నె లోపల చేత్తో ఒత్తి, మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని మంట మీద వదిలేస్తాం. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది. లోపల ఏదీ దాచే అవసరం లేదు.

9:44
వసుధ: దాన్ని మా ఇంట్లో తపేలా చెక్క అంటారు. పేరు మార్చి హన్మకొండ ఖాతాలో వేసుకున్నంత మాత్రాన కొత్త వంట అయిపోదు.

9:53
ప్రవీణ్: పోనీ, బంధుత్వం ఉందని ఒప్పుకున్నందుకు సంతోషం. అయితే సర్వపిండితో ఉన్న చిక్కు మీకు తెలిసే ఉంటుంది. ఒకటి కాలిన తర్వాత గిన్నె పూర్తిగా చల్లారితే గానీ రెండోది ఒత్తడానికి వీలుపడదు, వేడి గిన్నెలో చెయ్యి పెడితే పిండికన్నా ముందు వేళ్లు కాలతాయి. అందుకే ఇంట్లో రెండు గిన్నెలు పెట్టుకుని, ఒకటి పొయ్యి మీద ఉంటే ఒకటి చల్లారబెడతాం. నా దగ్గర కూడా రెండు ఉన్నాయి. నేను స్వయంగా చేస్తానని ఈ సందర్భంలో వినయంగా తెలియజేసుకుంటున్నాను.

9:58
వసుధ: మీరు వంట చేస్తారన్న సమాచారాన్ని ఏడు వారాలు నా దగ్గర దాచారన్నమాట. దాచడం గురించి పెసరట్టును తప్పుపట్టిన నోరేనా ఇది? సరే, ముందు బాకీ సంగతి తేల్చండి. నాలుగు టీలు ఎక్కడ ఇప్పిస్తారు?

10:06
ప్రవీణ్: లక్డికాపూల్‌లో కేఫ్ నిలోఫర్ అనుకున్నాను. బన్ మస్కా, ఇరానీ చాయ్, ఎదురెదురుగా కూర్చోవడానికి బల్ల. జూబ్లీహిల్స్‌లో కొత్తగా వచ్చిన కాఫీ షాపులు కూడా ఉన్నాయి గానీ, అక్కడ చుట్టూ అందరూ ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని ఉంటారు. మీరు కూడా పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోతారేమోనని నా భయం.

10:15
వసుధ: నిలోఫర్‌లో ఆదివారం పూట మనం కూర్చున్న కుర్చీ వెనకాల ఇంకెవరో నిలబడి, మనం ఎప్పుడు లేస్తామా అని చూస్తూ ఉంటారు. నేను మాట్లాడేటప్పుడు ఒక్కరు వింటే చాలు, ఇద్దరు వినడం నాకు ఇష్టం లేదు. అందుచేత చార్మినార్ పక్కన నిమ్రా. పొద్దున్న ఆరున్నరకు.

10:19
ప్రవీణ్: నిమ్రాలో నిలబడి తాగాలి కదండీ. నిలబడి తాగే టీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఏడు వారాలుగా వాయిదా పడుతున్న బాకీని ఐదు నిమిషాల్లో వదిలించుకోవాలని చూస్తున్నారా?

10:30
వసుధ: ఐదు నిమిషాల్లో అయిపోయేది మీకు టీ తాగడం తెలియకపోతేనే. డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచి, పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాచి, రెండిటినీ కప్పులోనే కలిపే టీ అది. తయారవడానికి అంతసేపు పట్టినదాన్ని గటగటా తాగడం మర్యాద కాదు. పైగా ఉస్మానియా బిస్కెట్ ఉంది. ఆఖరి నిజాం పేరు మోస్తున్న ఆ బిస్కెట్‌ను టీలో ముంచి, అది మెత్తబడి, విరిగి కప్పులో పడిపోకముందే నోట్లో పెట్టుకోవాలి. ఎవరి బిస్కెట్ ముందు విరిగిపోతే వారు ఇంకో టీ ఇప్పించాలి. మీరు టీ కప్పు వైపు కాక నా వైపు చూస్తూ ఉంటారని నాకు గట్టి నమ్మకం, కాబట్టి ఈ పందెంలో నేను ఓడిపోయే అవకాశం లేదు.

10:34
ప్రవీణ్: ఓడిపోవడానికి ఇంత చక్కని కారణాన్ని ముందుగానే సిద్ధం చేసి పెట్టినందుకు ధన్యవాదాలు. ఒక సందేహం. నాలుగు టీలూ ఆ ఒక్క పొద్దున్నే వసూలు చేస్తారా, లేక వాయిదాల పద్ధతి ఉంటుందా?

10:36
వసుధ: మీ కోరిక ఏమిటి?

10:47
ప్రవీణ్: వారానికి ఒకటి. ఈ ఆదివారం నిమ్రా. వచ్చే ఆదివారం సాయంత్రం బంజారాహిల్స్‌లో లామకాన్. అక్కడ సమోసా, టీ తీసుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారు ఉండరు, కుర్చీ వెనకాల కాపలా కాసేవారూ ఉండరు. ఆ పై వారం మొజంజాహి మార్కెట్. సీతాఫలాల కాలం అయిపోకముందే ఆ రాతి కట్టడం ముందు బయట వేసిన కుర్చీల్లో కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీం తినాలి. 1935లో కట్టిన మార్కెట్ ఇన్నేళ్లు నిలబడి ఉంది గానీ, సీతాఫలాలు మాత్రం మన కోసం ఆగవు. నాలుగో వాయిదా గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

10:55
వసుధ: ఐస్‌క్రీంను టీగా లెక్కవేయడానికి నియమాలు ఒప్పుకోవు. అది అదనపు చెల్లింపు అవుతుంది, అసలు బాకీ అలాగే ఉంటుంది. ఇలా టీ పేరు చెప్పి ఐస్‌క్రీం తినిపిస్తూ పోతే మీ అప్పు ఎప్పటికీ తీరదని మీకు తెలియదా?

10:56
ప్రవీణ్: తెలుసు.

11:02
వసుధ: ఇంత చిన్న జవాబు మీ దగ్గర్నుంచి రావడం ఇదే మొదటిసారి. దాన్ని భద్రంగా దాచుకుంటాను. వడ్డీ విషయం నేను చూసుకుంటాను. దీపావళికి ఇంటికి వెళ్లి వచ్చేటప్పుడు కాకినాడ నుంచి గొట్టం కాజాలు తెస్తాను. వాటిని తినడానికి ఒక పద్ధతి ఉంది. కొరికితే లోపలి పాకం గడ్డం మీదికి కారుతుంది, అందుకని మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. ఆ తర్వాత కనీసం అరనిమిషం నోరు తెరవడానికి ఉండదు. మీరు మాట్లాడకుండా నన్ను చూస్తూ ఉండే ఆ అరనిమిషం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

11:09
ప్రవీణ్: ఆ అరనిమిషం కోసం డజను కాజాలైనా తింటాను. ఇక ఆదివారం ఏర్పాట్లు. మీ హాస్టల్ గేటు దగ్గరకు ఆరింటికి స్కూటర్ మీద వస్తాను. అమీర్‌పేట నుంచి చార్మినార్ దాకా ఆ వేళప్పుడు రోడ్లు ఖాళీగా ఉంటాయి. రెండో హెల్మెట్ కూడా ఉంది.

11:10
వసుధ: రెండో హెల్మెట్ ఎవరిది?

11:12
ప్రవీణ్: మా అక్కది. మీరు ఇంత త్వరగా జవాబు రాయడం కూడా ఇదే మొదటిసారి, దాన్ని నేనూ భద్రంగా దాచుకుంటున్నాను.

11:20
వసుధ: హెల్మెట్ కొలత సరిపోతుందో లేదో తెలుసుకోవడానికే అడిగాను, మీరు వేరే అర్థాలు తీయవద్దు. ఆరింటికి గేటు దగ్గర ఉంటాను. ఆకుపచ్చ చీర కట్టుకుంటాను, అది పెసరట్టు పక్షాన కట్టినదని గుర్తించగలరు. ఇంకొక నియమం కూడా కలుపుతున్నాను. స్కూటర్ కదిలిన దగ్గర్నుంచి నన్ను ‘గారూ’ అని పిలిస్తే ఒక్కో పిలుపుకు ఒక్కో బన్ మస్కా.

11:24
ప్రవీణ్: అలవాటు పోవడానికి కొంతకాలం పడుతుంది వసుధ గారూ. ఈ ఒక్కటీ స్కూటర్ కదలకముందు అన్నదే కాబట్టి లెక్కలోకి రాదు. నాలుగో వాయిదా కూడా ఇప్పుడే తేల్చేస్తాను. తార్నాకలో మా ఇంట్లో టీ, సర్వపిండి. కింది వాటాలో అక్క, బావ ఉంటారు, అక్కకు మీ గురించి ఇప్పటికే సగం తెలుసు. రెండు గిన్నెలూ తోమి సిద్ధంగా పెడతాను, ఒకదాని తర్వాత ఒకటి వేడివేడిగా వస్తుంటే మీరు ఒక్క నిమిషం కూడా ఎదురుచూడాల్సిన పని ఉండదు.

11:33
వసుధ: అక్కగారికి తెలియని మిగతా సగం నేను వచ్చి చెబుతాను. సర్వపిండికి ఒప్పుకుంటున్నాను, అల్లం పచ్చడి నేను తెస్తాను. ఒకే ఒక్క షరతు ఉంది. రెండో గిన్నె అటక మీదే ఉండనివ్వండి. మొదటిది చల్లారేదాకా మనకు ఏదో ఒక మాట దొరకకపోదు.