వడ్డీతో వడ్డించే అన్నం: తిరుమల అన్నప్రసాదం ట్రస్టుపై కేస్ స్టడీ

(స్వచ్ఛంద సంస్థల నిర్వహణ కోర్సు, రెండో సెమిస్టర్. తరగతికి వచ్చే ముందు చదవాలి.)

తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భక్తులు ఉచితంగా భోజనం చేస్తారు. కొండ మీద ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన ఆ కవయిత్రి పేరే భవనానికి పెట్టారు. నేటి పథకం 1985లో, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది. ఇప్పుడు దాన్ని శ్రీ వేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు నడుపుతోంది. ట్రస్టు తిరుమల తిరుపతి దేవస్థానాల కింద పనిచేస్తుంది. దేవస్థానాల పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. భక్తుల విరాళం, ఆలయ పాలన, ప్రభుత్వ నియామకం ఒకే చోట కలిసే ఇలాంటి సంస్థను మామూలు స్వచ్ఛంద సంస్థలకు వాడే కొలతలతో కొలవలేం. ఈ కేసును ఎంచుకున్నది అందుకే.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది మూలధనం. దాతల సొమ్మును బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వచ్చే వడ్డీతో వంటశాల నడపడం ఈ ట్రస్టు మూలసూత్రం. దాత పోయినా ఆయన పేరిట విస్తరి లేస్తూనే ఉండాలన్న కోరిక దాని వెనుక ఉంది. ఆ కోరికను నేను ఎంతో గౌరవిస్తాను. అయితే బియ్యం, పప్పు, గ్యాస్ ధరలు పెరిగి, వడ్డీ రేట్లు తగ్గిన ఏడాది వంటశాల పరిస్థితి ఏమిటి? మూలధనంగా ఉంచమని దాత స్పష్టంగా కోరిన విరాళాన్ని ఆదాయపు పన్ను చట్టం విడిగా చూస్తుంది. కాబట్టి దాత రాసిచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని లెక్కల విభాగం ఎలా భద్రపరుస్తుందో తప్పక ఆలోచించండి.

ఇక మీరు తేల్చవలసిన సమస్య. ఇది తరగతి కోసం నేను కల్పించినది. మీరు ట్రస్టు ఆర్థిక అధికారి. రద్దీ రోజుల్లో కొండ కింద బస్టాండు దగ్గర కూడా భోజనం పెట్టాలని పాలకమండలి సభ్యులు కొందరు ప్రతిపాదించారు. ఈ ఏడాది వడ్డీ అందుకు చాలదు. మూలధనంలో కొంత తీయవచ్చని ఒకరు, కొత్త విరాళాలు సేకరించాలని మరొకరు, దేవస్థానాల సాధారణ నిధి నుంచి తేవాలని ఇంకొకరు అంటున్నారు. స్వామి ప్రసాదంగా తినే భక్తుడు, దర్శనానికి రాకుండా కేవలం ఆకలితో వచ్చిన బాటసారి, ఇద్దరూ ట్రస్టు ఉద్దేశంలోకి వస్తారా అన్నది కూడా తేలలేదు. ఈ చివరి ప్రశ్నను చాలామంది దాటవేస్తారు. మీరు మాత్రం దాంతోనే మొదలుపెట్టండి.

నలుగురేసి బృందాలుగా రెండు పేజీల నోట్ రాసి, గురువారం తరగతికి తీసుకురండి. మీరు ఏ దారి ఎంచుకున్నా, దాని వల్ల నమ్మకం కోల్పోయే దాతకు మీరు రాసే ఉత్తరాన్ని కూడా జతచేయండి.