ఒకే తీగ: తిన్నగా లాగితే ఎంత, చుట్టగా చుడితే ఎంత?

లెక్క

ఎనామిల్‌తో కలిపి 1.0 మి.మీ. వ్యాసం ఉన్న రాగి తీగ 62.8 మీటర్లు ఉంది. మోటారు వైండింగ్ షాపులో 19 గేజి అని అడిగితే ఇంచుమించు ఇదే ఇస్తారు. ఎనామిల్ మందాన్ని వదిలేయండి. తీగలో 3 A ప్రవాహం, అడ్డుకోత అంతటా సమంగా పారుతోంది.

మొదట ఆ తీగను మైదానంలో తిన్నగా లాగి కట్టారు. బ్యాటరీకి తిరిగి వెళ్ళే తీగ చాలా దూరం నుంచి పోతుంది కాబట్టి దాని ప్రభావాన్ని పట్టించుకోనక్కర్లేదు. తర్వాత అదే తీగను 50 సెం.మీ. పొడవున్న పీవీసీ గొట్టం మీద, చుట్టుకు చుట్టు ఆనేలా, ఒకే వరసలో చుట్టారు. ఇలా చుట్టిన తీగచుట్టే సాలినాయిడ్. చుట్ల సగటు వ్యాసార్థం 2 సెం.మీ.

(అ) తిన్నని తీగ మధ్యభాగంలో, అక్షం నుంచి 2 సెం.మీ., 0.5 మి.మీ., 0.25 మి.మీ. దూరాల్లో అయస్కాంత క్షేత్రం ఎంత?
(ఆ) సాలినాయిడ్ నడిమధ్యలో ఎంత?
(ఇ) తిన్నని తీగ దగ్గర ఎక్కడైనా సాలినాయిడ్ లోపలున్నంత క్షేత్రం దొరుకుతుందా?
(ఈ) సాలినాయిడ్ బయట, అక్షం నుంచి 4 సెం.మీ. దూరంలో క్షేత్రం నిజంగా సున్నాయేనా?

μ₀ = 4π × 10⁻⁷ T·m/A.

సాధన

రెండు పరిస్థితులకూ నియమం ఒక్కటే, ఆంపియర్ నియమం:

∮ B·dl = μ₀ I_enc

I_enc అంటే మూసిన దారి లోపలి నుంచి పారే మొత్తం ప్రవాహం. ఏ మూసిన దారి గీసినా ఈ నియమం నిజమే. కానీ దీన్నుంచి B బయటకు తీయాలంటే ఆ దారి తెలివిగా ఎంచుకోవాలి. దారిలో కొంత భాగం మీద B ఒకే పరిమాణంలో, దారి వెంటే ఉండాలి. మిగతా భాగం మీద B దారికి లంబంగానో, సున్నాగానో ఉండాలి. అలా కుదిరితే, B ఉన్న ఆ భాగం పొడవు L అనుకుంటే, నియమం మొత్తం ఇంతకు దిగుతుంది:

B = μ₀ I_enc / L

తిన్నని తీగ సూత్రం, సాలినాయిడ్ సూత్రం అని రెండింటిని విడివిడిగా బట్టీ పట్టే పని లేదు. L ఏమిటి, I_enc ఎంత అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే చాలు.

(అ) తీగ చుట్టూ ఎటు తిరిగి చూసినా ఒకేలా ఉంటుంది, తీగ వెంట జరిగినా ఒకేలా ఉంటుంది. కాబట్టి B పరిమాణం అక్షం నుంచి ఉన్న దూరం r మీదే ఆధారపడాలి. బయో–సవర్ట్ నియమం ప్రకారం ప్రవాహానికి సమాంతరంగా B ఉండదు. అయస్కాంత రేఖలకు మొదలూ చివరా ఉండవు కాబట్టి తీగ నుంచి బయటకు చిమ్మినట్టు వ్యాసార్థం వెంట కూడా ఉండదు. మిగిలింది వలయాకార దిశ ఒక్కటే. తీగ కేంద్రంగా r వ్యాసార్థం గల వృత్తం గీస్తే L = 2πr.

r = 2 సెం.మీ. దగ్గర వృత్తం చుట్టుకొలత 0.1257 m, లోపల 3 A.

B = (4π × 10⁻⁷ × 3) / 0.1257 = 3.0 × 10⁻⁵ T

ఇది ఎంత చిన్నదో దిక్సూచి పెట్టి చూస్తే తెలుస్తుంది. మన తెలుగు ప్రాంతాల్లో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం సుమారు 4 × 10⁻⁵ T. తీగను దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవాహం పోయేలా పెట్టి, దానికి 2 సెం.మీ. కింద దిక్సూచి ఉంచితే tan θ = 3/4, అంటే ముల్లు దాదాపు 37° పడమరకు వాలుతుంది. 1820లో ఆయర్‌స్టెడ్ గమనించింది ఇలాంటి కదలికనే.

r = 0.5 మి.మీ. అంటే సరిగ్గా తీగ ఉపరితలం. ఇక్కడా లోపలున్నది 3 A మొత్తం.

B = (2 × 10⁻⁷ × 3) / (0.5 × 10⁻³) = 1.2 × 10⁻³ T

r = 0.25 మి.మీ. తీగ లోపలి బిందువు. ఇక్కడే చాలామంది అలవాటు కొద్దీ మళ్ళీ 3 A వేసి 2.4 × 10⁻³ T అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. వృత్తం లోపల పారేది తీగ మొత్తం ప్రవాహం కాదు, వైశాల్యాల నిష్పత్తిలో (0.25/0.5)² = 1/4 వంతు, అంటే 0.75 A మాత్రమే. చుట్టుకొలత సగమైంది, ప్రవాహం నాలుగో వంతైంది. అందుకే క్షేత్రం సగమైంది: 0.6 × 10⁻³ T. అక్షం నుంచి ఉపరితలం దాకా B తిన్నగా పెరుగుతుంది, అక్కడి నుంచి 1/r గా తగ్గుతుంది. కాబట్టి ఈ తిన్నని తీగ ఇవ్వగలిగిన గరిష్ఠ క్షేత్రం 1.2 × 10⁻³ T. ఈ సంఖ్య (ఇ)లో మళ్ళీ కావాలి.

(ఆ) ఒక్కో చుట్టు అక్షం వెంట 1 మి.మీ. చోటు తీసుకుంటుంది. అందుకని n = 1000 చుట్లు/మీటరు, మొత్తం N = 500. ఒక చుట్టు పొడవు 2π × 0.02 = 0.1257 m, 500 చుట్లకు 62.8 m. తీగ సరిగ్గా సరిపోయింది.

సాలినాయిడ్‌ను ముందు చాలా పొడవైనదిగా భావిద్దాం. లోపల B అక్షం వెంట ఉంటుంది. బయట B సున్నా అని పుస్తకం చెప్పింది కాబట్టి రాసేయడం సులువే. కానీ దాన్నీ ఇదే నియమంతో రాబట్టవచ్చు, రెండు వాక్యాల పని. దీర్ఘచతురస్రాన్ని పూర్తిగా బయటే గీయండి, రెండు భుజాలు అక్షానికి సమాంతరంగా ఉండేలా. లోపల ప్రవాహం లేదు కాబట్టి ఆ రెండు భుజాల మీదా అక్షం వెంట ఉన్న B సమానం. ఒక భుజాన్ని ఎంత దూరం జరిపినా సమానమే. అనంత దూరంలో అది సున్నా, కాబట్టి బయట అంతటా సున్నా. ఇదే దీర్ఘచతురస్రాన్ని పూర్తిగా లోపల గీస్తే, అక్షం మీదా గోడ పక్కనా క్షేత్రం ఒకటేనని వస్తుంది.

ఇప్పుడు ఒక భుజం లోపల, ఒకటి బయట ఉండేలా గీద్దాం. పొడవు 10 సెం.మీ. అనుకోండి. బయటి భుజం మీద B సున్నా. అడ్డ భుజాలకు B లంబం. మిగిలింది లోపలి భుజం: L = 0.1 m. దీర్ఘచతురస్రాన్ని గుచ్చుకుంటూ పోయే తీగలు 100, ఒక్కోదానిలో 3 A, అంటే I_enc = 300 A.

B = (4π × 10⁻⁷ × 300) / 0.1 = 3.77 × 10⁻³ T

10 సెం.మీ. బదులు 20 తీసుకుంటే పైనా కిందా రెండింతలై అదే జవాబు వస్తుంది. అందుకే సూత్రంలో పొడవు కనబడదు, B = μ₀nI మాత్రమే మిగులుతుంది. n అంటే మీటరుకు చుట్లు అని మరిచి, మొత్తం చుట్లు 500 వేస్తే జవాబు సగానికి పడిపోతుంది.

మన గొట్టం అనంతం కాదుగా, 50 సెం.మీ.లే. మధ్యలో దిద్దుబాటు గుణకం 0.25/√(0.25² + 0.02²) = 0.997. అంటే తేడా వెయ్యికి మూడు. పట్టించుకోనక్కర్లేదు. కొస దగ్గర మాత్రం క్షేత్రం దాదాపు సగానికి, 1.88 × 10⁻³ T కు పడిపోతుంది.

(ఇ) సూత్రాలను నేరుగా సమానం చేస్తే μ₀I/2πr = μ₀nI, దాన్నుంచి r = 1/(2πn) = 0.159 మి.మీ. జవాబు వచ్చిందనుకుని గీత గీసేయకండి. తీగ వ్యాసార్థమే 0.5 మి.మీ. ఈ బిందువు రాగి లోపల ఉంది, అక్కడ 1/r సూత్రం చెల్లదు. (అ) ప్రకారం తిన్నని తీగ గరిష్ఠం 1.2 × 10⁻³ T. కాబట్టి జవాబు: ఎక్కడా దొరకదు.

ఎంత తక్కువ పడిందో చూడండి: 3.77/1.2 = 3.14. ఇది π.

యాదృచ్ఛికం కాదు. తీగ వ్యాసం d అనుకుందాం. ఉపరితలం మీద తిన్నని తీగకు ఒక I, దాన్ని పంచుకునే దారి చుట్టుకొలత πd. ఆనించి చుట్టిన సాలినాయిడ్‌లో ప్రతి I కి అక్షం మీద వాటా d మాత్రమే. ఒకచోట μ₀I/πd, ఇంకోచోట μ₀I/d. ప్రవాహం 3 A బదులు 10 A అయినా, తీగ సన్నమైనా లావైనా, గొట్టం చిన్నదైనా పెద్దదైనా, ఒకే వరస పొడవైన సాలినాయిడ్ లోపలి క్షేత్రం ఆ తీగ ఉపరితలం మీది గరిష్ఠానికి π రెట్లే. సాలినాయిడ్ గొప్పంతా క్షేత్రాన్ని విపరీతంగా పెంచడంలో లేదు. రాగి ఉపరితలం మీద మాత్రమే ఉండి, రెండు సెంటీమీటర్లు జరిగేసరికి నలభయ్యో వంతుకు పడిపోయే క్షేత్రాన్ని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గొట్టం నిండా సమంగా పరచడంలో ఉంది. 2 సెం.మీ. దగ్గరి విలువతో పోలిస్తే మాత్రం లాభం 3.77 × 10⁻³ / 3.0 × 10⁻⁵ = 126 రెట్లు.

ఖర్చు రెండింటికీ ఒకటే. అదే తీగ, అదే 1.36 Ω నిరోధం, అదే 12 వాట్ల వేడి. గొట్టం మీద చుట్టినప్పుడు ఆ వేడి ఒకే చోట చేరుతుంది కాబట్టి చేతికి తెలుస్తుంది, అంతే తేడా.

(ఈ) అక్షం వెంట ఉన్న B సున్నా అని (ఆ)లో నిరూపించాం. వలయాకార దిశ సంగతి అప్పుడు ఎత్తలేదు. సాలినాయిడ్ బయట, అక్షం కేంద్రంగా 4 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. ఒక్కో చుట్టు తిరుగుతూనే తీగ 1 మి.మీ. ముందుకు జరుగుతోంది. ఎడమ కొసలో దూరిన 3 A కుడి కొసలో బయటకు రావాలి. కాబట్టి ఈ వృత్తం పరిచిన తలాన్ని ప్రవాహం ఒక్కసారి దాటక తప్పదు: I_enc = 3 A, L = 2π × 0.04.

B = (2 × 10⁻⁷ × 3) / 0.04 = 1.5 × 10⁻⁵ T

ఇది అచ్చంగా తిన్నని తీగ క్షేత్రమే. ఎంత చుట్టినా తీగ ఒక కొస నుంచి ఇంకో కొసకు ప్రయాణిస్తూనే ఉంది కాబట్టి ఆ లక్షణం పోలేదు. లోపల గీసిన వృత్తంలో మాత్రం I_enc సున్నా, అక్కడ ఈ అంశం ఉండదు.

దీనికి తోడు, గొట్టం 50 సెం.మీ.లకే ఆగిపోతుంది కనుక ఒక కొస నుంచి ఇంకో కొసకు బయటినుంచి తిరిగి వచ్చే రేఖలు మధ్యభాగం దగ్గర అక్షం వెంట సుమారు 1.2 × 10⁻⁵ T ఇస్తాయి, లోపలి క్షేత్రానికి వ్యతిరేక దిశలో. రెండూ లోపలి విలువలో అర శాతానికి లోపే. పరీక్షలో «బయట B ≈ 0» అని రాస్తే మార్కులు పడతాయి. సున్నితమైన పరికరం పక్కన పెట్టేటప్పుడు మాత్రం ఆ 15 మైక్రోటెస్లాలను ఉపేక్షించలేం.

దాన్ని వదిలించుకునే మార్గం ఉంది. కుడి కొసకు చేరాక తీగను తెంచకుండా, మొదటి వరస మీదే, తిరిగే దిశ మార్చకుండా, ఎడమకు రెండో వరస చుట్టుకుంటూ రండి. ఇప్పుడు లోపలి భుజం మీద మీటరుకు 2000 చుట్ల లెక్క, B = 7.54 × 10⁻³ T. బయటి వృత్తాన్ని 3 A అటు, 3 A ఇటు దాటుతున్నాయి; I_enc = 0, వలయాకార క్షేత్రం పోయింది. వైండింగ్ చేసేవాళ్ళు రెండు కొసలూ ఒకే వైపు వస్తాయని సరి సంఖ్య వరసలు చుడతారు. వాళ్ళకు ఇది ఉచితంగా దొరుకుతుంది. తీగ మాత్రం ఇంకో 66 మీటర్లు కావాలి, రెండో వరస సగటు వ్యాసార్థం 2.1 సెం.మీ. కదా.