అంగడి

కరీంనగర్ నుంచి వచ్చిన రైలు దిగి తిరుపతి స్టేషన్ బయటికి వచ్చిన రాజేశం చేతిలో ఒక గుడ్డసంచీ, ఆ సంచీలో మూతలేని ఇత్తడి మరచెంబూ ఉన్నాయి. చొక్కా జేబులో తల్లి పెన్సిలుతో రాసిచ్చిన కాగితం ఉంది. మోకాళ్లు పట్టేసి ఆమె రెండేళ్లుగా గడప దాటలేదు. పెళ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన ఆ చెంబు మూత ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. కొడుకు కొండకు వెళుతున్నాడని తెలిసి, వేరే కోరిక ఏదీ చెప్పకుండా, ఈ కాగితం మాత్రం రాసిచ్చింది.

"గోవిందరాజుల గుడి పక్కన బేరి వీధి. ఇత్తడి అంగడి. అంగడి ముందర రాతి అరుగు. మంగళవారం అంగడి ఉండదు. మధ్యాన్నం కట్టేస్తారు, అయిదు పైన తీస్తారు. మూత ఆడనే దొరుకుతుంది."

ఆ రోజు సోమవారం. జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన రాజేశానికి అంగడి అంటే వారానికొకసారి ఊరి బయట మైదానంలో కూడేది. నేలమీద పరిచిన పట్టాలు, కుప్పపోసిన మిరపకాయలు, చెట్ల కింద కట్టేసిన ఎడ్లు, పొద్దు వాలేసరికి ఖాళీ అయిపోయే జాగా అతని మనసులో కదిలాయి. తిరుపతిలో ఇత్తడి సామానుకు ప్రత్యేకంగా ఒక అంగడి కూడుతుందనీ, మంగళవారం తప్ప మిగతా రోజుల్లో జరుగుతుందనీ, మధ్యాహ్నానికి మూటలు కట్టేస్తారు గనుక త్వరపడాలనీ అతను ఆ కాగితాన్ని అర్థం చేసుకున్నాడు.

స్టేషన్ ఎదుట మల్లెపూలు మూరలు వేస్తున్న ఆమెను అడిగాడు.

"అమ్మా, ఇత్తడి అంగడి ఎక్కడ పెడతరు?"

"గాంధీ రోడ్డు పొడుగునా అంగళ్లే గదా స్వామీ, ఏ అంగడని చెప్పేది?"

రోడ్డు పొడుగునా అంగడే అన్న మాట అతనికి ఎంతో ఊరట కలిగించింది. అంత పెద్ద అంగడిలో ఒక మూత దొరకకుండా పోదు. అయితే గాంధీ రోడ్డు మీద నడిచినంత మేరా అతనికి కనిపించినవి వరుసగా దుకాణాలే: వెంకన్న పటాలు, కొయ్యబొమ్మలు, పసుపు కుంకుమలు, తలనీలాలిచ్చి వచ్చినవారి కోసం టోపీలు. గోవిందరాజస్వామి గోపురం దగ్గరపడేకొద్దీ జనం చిక్కబడ్డారు గానీ, నేలమీద పట్టా పరిచిన జాగా ఒక్కటీ కనబడలేదు. టీ కాస్తున్న కుర్రవాడిని అంగడి ఏ రోజు అని అడిగితే, అతడు వింతగా చూసి, "దినామూ ఉంటుంది నా" అన్నాడు. ఎంతసేపటిదాకా అంటే, "రాత్రి పది దాకా" అన్నాడు. ఆ జవాబు తల్లి రాసినదానికి పొసగలేదు. ఆమె ఊరు వదిలి నలభై ఏళ్లు దాటింది కాబట్టి పద్ధతులు మారి ఉంటాయని రాజేశం తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మాడవీధి మలుపులో ఒక పాత రేకు బోర్డు మీద "పూజాసామాన్ల అంగడి" అని ఎర్రరంగుతో రాసి ఉండటం చూడగానే అతని ప్రాణం లేచివచ్చింది. అది అంగడికి వెళ్లే దారి అనుకుని లోపలికి నడిచి, కర్పూరం డబ్బాలు దాటి, వెనుక ఉన్న తలుపు దాకా వెళ్లాడు.

"ఎవరు కావాల స్వామీ?" అని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె లేచింది.

"ఇట్ల పోతే అంగడి వస్తదా అమ్మా?"

"ఇదే గదా అంగడి. ఎనకాల మా ఇల్లు."

ఆమె గొంతులో కోపం లేదు. అలసిన యాత్రికుడిగా భావించి చెంబుతో మంచినీళ్లు ఇచ్చి, బేరి వీధికి దారి చూపింది. అతను సిగ్గుపడి బయటికి వచ్చాడే గానీ, అప్పటికీ ఆ ఒక్క గదిని అంగడి అనడం అతని చెవికి ఎక్కలేదు. దుకాణదారులు తమ దుకాణానికి గొప్పకోసం పెట్టుకున్న పేరనుకున్నాడు.

బేరి వీధికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒకదాని తరువాత ఒకటిగా షట్టర్లు దిగుతున్నాయి. అంగడి తప్పిపోయిందన్న నిరాశతో, కాళ్లు లాగుతుంటే, కనబడిన రాతి అరుగు మీద కూలబడి సంచీలోంచి చెంబు తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"అంగడి కట్టేసే పొద్దయింది. ఏం కావాల నాయనా?" అని వెనుక నుంచి ఎవరో అడిగారు.

తెల్లని పంచె కట్టిన పెద్దాయన, చేతిలో తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనుక చీకటిగదిలో పైకప్పు దాకా బిందెలు, దీపపు సెమ్మెలు, గంగాళాలు. రాజేశం తాను కూర్చున్న అరుగును చేత్తో తడిమి, జేబులోని కాగితం తీసి మళ్లీ చదివాడు. ఈసారి అందులోని ప్రతి వాక్యమూ ఆ గుమ్మం మీద సరిగ్గా కూర్చుంది. ఇత్తడి అంగడి. ముందర అరుగు. మధ్యాన్నం కట్టేస్తారు.

అప్పుడు అతనికి ఆరేడేళ్ల వయసునాటి ఒక గురువారం గుర్తుకొచ్చింది. "అంగడికి పోయి ఉప్పు పట్టుకురాపో" అని తల్లి చేతిలో అర్ధరూపాయి పెట్టింది. తను ఊరి బయటిదాకా పరుగెత్తి, ఎండిన మైదానం చూసి వట్టిచేతులతో తిరిగివచ్చి, "ఇయ్యాల అంగడి లేదమ్మా, సోమారమే" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. తల్లీ నవ్వింది. ఆ తరువాత ఆమె నోట ఎప్పుడూ దుకాణం అనే మాటే విన్నాడు తప్ప, అంగడి అంటే ఆమెకూ సోమవారంనాటి సంతే అయిపోయింది. చంద్రగిరి నుంచి కోడలిగా వచ్చిన మనిషి ఒక్కొక్క మాటా ఎప్పుడు ఏ మూటలో కట్టి దాచిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. పుట్టినచోటికి పంపే కాగితం కాబట్టి పుట్టినచోటి మాటతోనే రాసింది.

పెద్దాయన చెంబును అందుకుని, మెడ మీది మరల వెంట బొటనవేలు తిప్పాడు.

"పోత చెంబు. ఇప్పుడిట్లాంటివి చేసేవాళ్లు లేరు" అని లోపలినుంచి పాత మూతలున్న చెక్కపెట్టె తెచ్చాడు.

మొదటి మూత వదులైంది. రెండవది ఒక చుట్టు తిరిగి బిగిసిపోయింది. నాలుగవది రెండు చుట్లు తిరిగి, మూడవ చుట్టు దగ్గర కిర్రుమని ఆగింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి తీసి, వెలుతురుకు పట్టి, మర లోపలి వైపు అరిగిపోకుండా మిగిలిన ఒక గీతను గోటితో చూపాడు.

"ఇదొక్కటే అడ్డం. ఆకురాయి పట్టిస్తే పడుతుంది. చెంబు ఈడనే పెట్టి, అన్నం తిని, అయిదు పైన రా నాయనా."

షట్టరు దిగింది. రాజేశం అరుగు మీదనే కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అంగడి కాడ ఉన్న."

అవతల కొంతసేపు మాట లేదు. అతను ఏ అంగడి గురించి చెబుతున్నాడో ఆమెకు అందడానికి అంత సమయం పట్టింది కాబోలు. తరువాత వచ్చిన గొంతులో, అతను పుట్టిన తరువాత ఎన్నడూ వినని యాస ఉంది.

"అరుగు ఉండాదా నాయనా? అట్లే ఉండాదా?"

"ఉందమ్మా. దాని మీదనే కూసున్న."

"ఎండ కాలుతా ఉంటుంది, నీడకు జరుగు. వాళ్లు అంగడి తీసేది అయిదు పైనే."