విషయం: జీతం, పీఎఫ్ రికార్డుల్లో నా పేరు స్పెల్లింగ్ సరిచేయడం

హెచ్ఆర్ విభాగానికి,

నమస్తే అండీ. నేను గుంటూరు బ్రాంచి అకౌంట్స్‌లో పనిచేసే శ్రీలక్ష్మిని. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అన్నిట్లో నా పేరు KONDA SRILAKSHMI అనే ఉంది, పేస్లిప్‌లోనూ పీఎఫ్‌లోనూ మాత్రం KONDA SRILAXMI అని పడింది. జీతం ఎలాగో జమవుతోంది కానీ ఆధార్‌తో పేరు కలవక పీఎఫ్ కేవైసీ ఆగిపోయింది, ఇంటి రిపేర్లకి అడ్వాన్స్ తీసుకుందామంటే కుదరట్లేదు, అదీ టెన్షన్. నా యూఏఎన్ 2017 అక్టోబరుకి ముందుది, అందుకే పోర్టల్‌లో నేను జాయింట్ డిక్లరేషన్ పెట్టినా మీరు ఆమోదిస్తే గానీ కదలదు. ఇవాళే పెట్టాను, చూడండి. పేరోల్‌లో కూడా ఈ నెల జీతాలు వేసేలోపే మార్చేయండి. ఆధార్, పాన్ కాపీలు జతచేశాను. ఒరిజినల్స్ కావాలంటే విజయవాడ ఆఫీసుకి తెస్తాను, ముందు రోజు చెప్పండి చాలు.

ఇట్లు,
కొండా శ్రీలక్ష్మి