వచ్చే ఏడాది బడ్జెట్: బోర్డు ముందు పదిహేను నిమిషాల స్లయిడ్లు

మొత్తం 15 నిమిషాలు. మన మాటలకు 10, వాళ్ళ ప్రశ్నలకు 5. స్లయిడ్లు ఏడు. అంకెలన్నీ కోట్లలో. ఈ ఏడాది అంకెల్లో తొమ్మిది నెలలవి వాస్తవం, చివరి మూడు నెలలవి అంచనా. ఆ మాట ప్రతి స్లయిడ్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 38 పేజీల వివరాలు సభ్యులకు వారం ముందే వెళ్ళాయి కాబట్టి అందులో ఉన్నవి ఇక్కడ మళ్ళీ చదవం.

పేరు, తేదీ, లోగోతో ఉండే మొదటి స్లయిడ్ తీసేశాను. ఎక్కడ కూర్చున్నారో వాళ్ళకి తెలుసు.

స్లయిడ్ 1. మీ నుంచి కావాల్సిన మూడు నిర్ణయాలు (1 నిమిషం)

తెర మీద:
- అమ్మకాలు 203, ఆపరేటింగ్ లాభం 28గా బడ్జెట్‌కు ఆమోదం
- 14 పెట్టుబడి ఖర్చుకు ఆమోదం. ఇందులో కొత్త మోల్డింగ్ లైన్‌కి 9, రెండు వాయిదాల్లో
- ఆ లైన్ కోసం 6 బ్యాంకు రుణానికి అనుమతి

మాట: "చైర్మన్ గారూ, సభ్యులందరికీ నమస్కారం. ఈ పదిహేను నిమిషాల చివర మీ నుంచి మూడు నిర్ణయాలు కావాలి. ఒక విషయం ముందే చెప్పేస్తాను. అమ్మకాలు పది శాతం పెరుగుతున్నాయి, పన్నుకు ముందు లాభం మాత్రం ఈ ఏడాది లాగే 16 దగ్గరే ఉంటుంది. ఎందుకన్నది నాలుగో స్లయిడ్‌లో చూపిస్తాను."

లాభం పెరగడం లేదన్న మాట మన నోటి నుంచే, మొదటి నిమిషంలోనే రావాలి. మూడో స్లయిడ్‌లో వాళ్ళే పట్టుకుంటే మిగతా పది నిమిషాలూ సంజాయిషీకే పోతాయి.

స్లయిడ్ 2. ఈ ఏడాది అనుకున్నది, జరిగింది (1 నిమిషం)

తెర మీద: అమ్మకాలు అనుకున్నది 190, వస్తున్నది 184. ఆపరేటింగ్ లాభం అనుకున్నది 28, వస్తున్నది 26. తేడా 6 ఎక్కడ పోయింది: ఒక పాత కస్టమర్ ఆర్డర్లు తగ్గించడం వల్ల 4, రేట్ల పెంపు రెండు నెలలు ఆలస్యం కావడం వల్ల 2.

మాట: "మొదటిది మన చేతిలో లేదు. రెండోది మన చేతిలోనిదే. ఈసారి రేట్ల పెంపు ఉత్తరాలు ఏడాది మొదలయ్యేలోపే కస్టమర్లకు వెళ్తున్నాయి. పెద్ద కస్టమర్లు ఐదుగురిలో ముగ్గురు ఇప్పటికే ఒప్పుకుని సంతకం చేశారు."

అంతే. గడిచిన ఏడాది గురించి ఇంతకంటే మాట్లాడితే అక్కడే ఇరుక్కుపోతాం.

స్లయిడ్ 3. వచ్చే ఏడాది ఒక్క పట్టికలో (1 నిమిషం)

| | ఈ ఏడాది | వచ్చే ఏడాది |
|---|---|---|
| అమ్మకాలు | 184 | 203 |
| ముడిసరుకు | 101 | 112 |
| జీతాలు | 27 | 30 |
| కరెంటు | 11 | 12 |
| ఇతర ఖర్చులు | 19 | 21 |
| ఆపరేటింగ్ లాభం | 26 | 28 |
| తరుగుదల | 7 | 8 |
| వడ్డీ | 3 | 4 |
| పన్నుకు ముందు లాభం | 16 | 16 |

మాట: "వరుసలన్నీ చదవను. రెండు చూడండి చాలు. ఆపరేటింగ్ మార్జిన్ 14.1 శాతం నుంచి 13.8కి దిగుతోంది. చివరి వరుస కదలడం లేదు. ఈ రెంటికీ కారణం తర్వాతి స్లయిడ్."

పట్టికలో దశాంశాలు పెట్టొద్దు. దశాంశం కనిపిస్తే ఎవరో ఒకరు కూడిక సరిచూడటం మొదలుపెడతారు. చివరి వరుస ఒక్కటే బోల్డ్‌లో ఉండాలి, రంగులేమీ వద్దు.

స్లయిడ్ 4. 26 నుంచి 28కి, అక్కడి నుంచి మళ్ళీ 16కి (2 నిమిషాలు)

మొత్తానికి గుండెకాయ ఇదే. ఒకే ఒక మెట్ల గ్రాఫ్, ఎడమ నుంచి కుడికి. 26తో మొదలై పైకి మూడు మెట్లు: రేట్ల పెంపు 5, పాత కస్టమర్లకు అదనపు సరుకు 8, కొత్త కస్టమర్ 6. కిందకి నాలుగు: ముడిసరుకు 11, జీతాలు 3, కరెంటు 1, ఇతర ఖర్చులు 2. ఆగేది 28 దగ్గర. గ్రాఫ్ కింద రెండే వాక్యాలు:

- రేట్లు పెంచి తెచ్చిన 5 = రెసిన్ ధర పెరుగుదల 3 + ఇంక్రిమెంట్లు 2
- సరుకు పెరిగినందువల్ల మిగిలిన 2 = కొత్త లైన్ తరుగుదల 1 + వడ్డీ 1

మాట, కాస్త నెమ్మదిగా: "రేట్లు పెంచి 5 తెస్తున్నాం. అందులో మనకి మిగిలేదేమీ లేదు. రెసిన్ ధర మూడు శాతం పెరుగుతుందని లెక్కేశాం, దానికి 3. ఇంక్రిమెంట్లు సగటున ఎనిమిది శాతం, దానికి 2. అక్కడికి చెల్లుకు చెల్లు. ఇక సరుకు ఎక్కువ అమ్మి తెచ్చేది 14. దాని ముడిసరుకుకి 8, కొత్తగా చేరే పన్నెండు మందికి దాదాపు 1, కరెంటుకి 1, రవాణా, రిపేర్ల లాంటి వాటికి 2 పోతాయి. మిగిలేది 2. ఆ రెండూ కొత్త లైన్ తరుగుదలకి, వడ్డీకి సరిపోతాయి. లైన్ ఏడో నెలలో గానీ మొదలు కాదు. అందుకని వచ్చే ఏడాది ఖర్చు ముందు కనిపిస్తుంది, రాబడి సగమే కనిపిస్తుంది. కొత్త కస్టమర్ నుంచి ఆరు నెలలకి 6 వేశాం. ఆ తర్వాతి ఏడాది ఇదే కస్టమర్ నుంచి 12 రావాలి."

ఇక్కడ ఎవరైనా ఆపి అడిగితే అడగనివ్వాలి. ప్రశ్నల సమయంలోంచి ఒక నిమిషం ఇక్కడే పోయినా నష్టం లేదు. ఇది అర్థమైతే ఐదో స్లయిడ్ సులువుగా నడుస్తుంది.

ప్రాంతాలవారీ అమ్మకాల గ్రాఫ్ కూడా ఇక్కడే పెట్టమని సేల్స్ వాళ్ళు గట్టిగా అడిగారు. బాగుంది కానీ ఆ గ్రాఫ్ చూసి బోర్డు తీసుకోవాల్సిన నిర్ణయం ఏదీ లేదు. వెనక స్లయిడ్లలోకి పంపాను.

స్లయిడ్ 5. కొత్త లైన్: 9, రెండు వాయిదాల్లో (2 నిమిషాలు)

తెర మీద ఎడమవైపు పెట్టుబడి 14 ఎలా పంచామో: లైన్ 9, పాత మెషిన్ల మరమ్మతు, మార్పిడి 3, సాఫ్ట్‌వేర్ 2. కుడివైపు లైన్ వాయిదాలు:

- రెండో నెల: అడ్వాన్స్ 4, మెషిన్ ఆర్డర్‌తో పాటు
- ఐదో నెల: మిగతా 5, కొత్త కస్టమర్ మన శాంపిల్స్‌ని రాతపూర్వకంగా ఓకే చేసిన తర్వాతే

మాట: "ఇప్పుడున్న లైన్లు రోజుకి మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి. పాత కస్టమర్లు అడిగే అదనపు సరుకు వరకు వాటితో సర్దుకోగలం, కొత్త కస్టమర్‌కి మాత్రం చోటు లేదు. లైన్ పూర్తి ఏడాది నడిస్తే దాని ఖర్చులన్నీ పోను సుమారు 3 మిగులుతుంది, అంటే మూడేళ్ళలో పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఒకవేళ శాంపిల్స్ ఓకే కాకపోతే రెండో వాయిదా కట్టం, మెషిన్ రాదు. అప్పుడు అడ్వాన్స్‌లో 1 పోతుంది. మిగతా 3 మరో మెషిన్‌కి సర్దుబాటు చేస్తామని సరఫరాదారు రాసిచ్చారు. అంటే మీరు ఈ రోజు పూర్తిగా పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది 1 మాత్రమే."

చివరి వాక్యం తర్వాత రెండు సెకన్లు ఆగాలి. వెంటనే మాట్లాడితే అది వాళ్ళకి ఎక్కదు.

"పాత మెషిన్ వాడితే సరిపోదా" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు: పాత మెషిన్ ధర సగమే, కానీ కొత్త కస్టమర్ అడిగిన కొలతల ఖచ్చితత్వం దానిలో రాదు. ఉత్పత్తి విభాగం పాత మెషిన్ మీద తీసిన శాంపిల్స్‌ని కస్టమర్ తిప్పి పంపారు. వాళ్ళ ఉత్తరం వెనక స్లయిడ్లలో ఉంది.

స్లయిడ్ 6. క్యాష్, అనుకున్నట్టు జరగకపోతే (2 నిమిషాలు)

తెర మీద పన్నెండు నెలల క్యాష్ గీత. మొదలు 12, చివర 11. మధ్యలో ఐదో నెలలో 7కి దిగుతుంది. కింద 6 దగ్గర ఎర్ర గీత, అంతకంటే తగ్గకూడదని బోర్డే ఇంతకుముందు పెట్టింది. దాని పక్కన చుక్కల గీత: రెసిన్ ఏడాది మొదట్లోనే మరో ఐదు శాతం పెరిగితే ఎలా ఉంటుందో.

మాట: "ఐదో నెల బిగుతుగా ఉంటుంది. నాలుగో నెలలో డివిడెండ్ 6, ఐదో నెలలో లైన్ రెండో వాయిదా. దీనికి తోడు రెసిన్ మరో ఐదు శాతం పెరిగితే ఏడాదికి 5.6 అదనపు భారం. మన అమ్మకాల్లో అరవై శాతానికి రెసిన్ పెరుగుదలను కస్టమర్ నుంచి రాబట్టే ఒప్పందాలు ఉన్నాయి, కాకపోతే మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది. అలా 2.5 తిరిగొస్తుంది, 3.1 మన మీదే పడుతుంది. ఐదో నెలలో క్యాష్ 5కి, అంటే ఎర్ర గీత కిందికి పోతుంది. కొత్త కస్టమర్ కూడా మూడు నెలలు ఆలస్యమైతే లాభంలో ఇంకో 1.3 తగ్గుతుంది. రెండూ కలిసి వస్తే పన్నుకు ముందు లాభం 11.6.

అప్పుడు మేం చేసేది ఇది. మూడో నెలాఖరుకి రెసిన్ మూడు శాతం కంటే ఎక్కువ పెరిగిందని తేలితే సాఫ్ట్‌వేర్ 2 ఆపేస్తాం. దాంతో ఐదో నెల క్యాష్ తిరిగి 7 దగ్గరికి వస్తుంది. కొత్త కస్టమర్ ఆలస్యమైతే పన్నెండు మంది నియామకం కూడా అంతే ఆలస్యంగా జరుగుతుంది. ఈ రెండింటికీ మళ్ళీ మీ అనుమతి కోసం రాం. చేశాక వచ్చే సమావేశంలో చెబుతాం."

స్లయిడ్ 7. తీర్మానాలు (1 నిమిషం, తర్వాత ప్రశ్నలు)

తెర మీద తీర్మానాల పాఠం, మినిట్స్‌లోకి నేరుగా ఎక్కించేలా:

1. వచ్చే ఆర్థిక సంవత్సరానికి అమ్మకాలు 203 కోట్లు, ఆపరేటింగ్ లాభం 28 కోట్లుగా సమర్పించిన బడ్జెట్‌ను బోర్డు ఆమోదిస్తోంది.
2. మొత్తం 14 కోట్ల పెట్టుబడి ఖర్చును బోర్డు ఆమోదిస్తోంది. మోల్డింగ్ లైన్ రెండో వాయిదా 5 కోట్లు, కస్టమర్ రాతపూర్వక శాంపిల్ ఆమోదం అందిన తర్వాతే చెల్లించాలి.
3. 6 కోట్లకు మించకుండా టర్మ్ లోన్ తీసుకునేందుకు మేనేజింగ్ డైరెక్టర్‌కు బోర్డు అధికారం ఇస్తోంది.

మాట: "ఇవీ మూడు తీర్మానాలు. ప్రశ్నలుంటే అడగండి."

ప్రశ్నలు నడుస్తున్నంతసేపూ ఈ స్లయిడే తెర మీద ఉండాలి. "ధన్యవాదాలు" స్లయిడ్ వద్దు.

వెనక స్లయిడ్లు (అడిగితేనే)

ప్రాంతాలవారీ అమ్మకాలు, విభాగాలవారీ సిబ్బంది, రెసిన్ ధరల మూడేళ్ళ గ్రాఫ్, కస్టమర్ తిప్పి పంపిన ఉత్తరం, రుణం షరతులు, సాఫ్ట్‌వేర్ కొటేషన్లు. నంబర్లు బి1 నుంచి బి6. జీతాల ప్రశ్న వస్తే హెచ్‌ఆర్ మేనేజర్, లైన్ ప్రశ్న వస్తే ప్లాంట్ హెడ్ జవాబు చెబుతారు. నేను చెప్పేది అంకెల గురించి మాత్రమే. ఒక్క ప్రశ్నకి ఇద్దరు జవాబు చెప్పడం మొదలుపెడితే ఐదు నిమిషాలు అక్కడే అయిపోతాయి.

ముందు అంశాలు సాగి మనకి ఎనిమిది నిమిషాలే మిగిలితే 1, 4, 6, 7 మాత్రమే చూపిస్తాం. ఆరు నిమిషాల మాట, రెండు నిమిషాల ప్రశ్నలు. అప్పుడు ఐదో స్లయిడ్‌లోని "పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది 1" అన్న వాక్యం ఒక్కటి ఏడో స్లయిడ్‌లో రెండో తీర్మానం దగ్గర నోటితో చెప్పాలి. అసలు వాయిదా వేస్తామంటే ఒక్కటి గుర్తుచేయాలి: మెషిన్ ధర కొటేషన్ ఈ నెలాఖరు వరకే చెల్లుతుంది, కాబట్టి కనీసం రెండో తీర్మానమైనా సర్క్యులేషన్ ద్వారా తీసుకోమని అడగాలి.