స్టార్డ్యూ వ్యాలీ రివ్యూ: అనంతపురం రైతు కొడుకు 74 గంటలు సాగు చేస్తే

(తెర మీద: పొద్దున 6 గంటలు, కోడి కూత. మన బొమ్మ ఇంట్లోంచి బయటికి వస్తుంది. పొలం నిండా రాళ్లు, కలుపు, ఎండిన మొద్దులు.)

ఈ పొలం చూశారు కదా. మొత్తం రాళ్లే. నాకైతే కొత్తగా ఏమీ అనిపించలేదు, కళ్యాణదుర్గం రోడ్డులో మా చేను కూడా ఇట్లాగే ఉంటుంది. తేడా ఒక్కటే. ఇక్కడ గొడ్డలి, గడ్డపార ఎత్తేది నేను కాదు, నా ఎడమ చేతి వేలు.

నమస్తే. ఈరోజు రివ్యూ స్టార్డ్యూ వ్యాలీ. పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో వెతకాలంటే Stardew Valley అని టైప్ చేయండి. పీసీ మీద వచ్చింది 2016 ఫిబ్రవరిలో. పదేళ్ల నాటి ఆటకు ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారా? ఇప్పటికీ దానికి ఉచిత అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. 2024 మార్చిలో వచ్చిన 1.6 అప్‌డేట్ చిన్నదేమీ కాదు. అమ్ముడైన కాపీలు 4 కోట్లు దాటాయి. మొదట వచ్చిన ఆటంతా చేసింది ఒక్క మనిషి, ఎరిక్ బరోన్. బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే, దాదాపు నాలుగున్నరేళ్లు కూర్చుని.

ముందే ఒక మాట. ఆట నా డబ్బుతో కొన్నాను, ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు, ఈ వీడియోకు స్పాన్సర్ లేరు. 74 గంటలు ఆడాను, మూడో ఏడాది మొదటి రోజు దాటాను. ఆడింది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఆట అడిగేది 2 జీబీ ర్యామే, కాబట్టి మీ ఇంట్లో మూల పడి ఉన్న ల్యాప్‌టాప్‌కు కూడా ధైర్యంగా ఎక్కించండి.

గేమ్‌ప్లే

(తెర మీద: 15 గింజల పెట్టె తెరుచుకోవడం, పార తవ్వడం, నీళ్లు పోయడం.)

మొదటి రోజు చేతిలో 500 బంగారం, 15 పార్స్నిప్ విత్తనాలు. పార్స్నిప్ అంటే తెల్లగా, ముల్లంగి లాంటి దుంప. తవ్వు, విత్తు, నీళ్లు పోయి, పడుకో. నాలుగు రోజులకు చేతికొస్తుంది. 20కి కొన్న గింజ పంటయ్యాక 35కి పోతుంది.

అసలు ఆట ఓపికతో. మొదట్లో మీ ఒంట్లో ఓపిక 270. పార ఒక దెబ్బ వేస్తే 2 పోతుంది, చెంబు ఒకసారి వంపితే 2 పోతుంది. 15 మొక్కలైతే సరదాగా ఉంటుంది. ఆశపడి 60 మొక్కలు పెట్టామనుకోండి, పొద్దున్నే నీళ్లకే 120 పోయింది. ఇక చెట్లు కొట్టేదెప్పుడు, గనిలోకి దిగేదెప్పుడు? ఎంత పెట్టుకోవాలి, ఎంత వదిలేయాలి అన్న లెక్క రోజూ ఉంటుంది. ఒక రోజంటే మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. రాత్రి 2 లోపు పడుకోకపోతే పడ్డచోటే సొమ్మసిల్లుతారు.

నాకు బాగా నచ్చిన చిన్న కిటుకు ఒకటి చెబుతాను. నీళ్ల చెంబును కమ్మరి దగ్గర పెద్దది చేయించుకోవచ్చు, 2000 బంగారం, ఐదు రాగి కడ్డీలు. కాని రెండు రోజులు చెంబు అతని దగ్గరే ఉంటుంది, ఆ రెండు రోజులు పంటకు నీళ్లెవరు పోస్తారు? ఇంట్లో టీవీ ఉంది, అందులో వాతావరణం వస్తుంది. రేపు వాన అని చూపించిన రోజు పొద్దున్నే నీళ్లు పోసేసి, చెంబు కమ్మరికి ఇచ్చిరావాలి. మరుసటి రోజు వాన తడుపుతుంది. ఆ తర్వాతి పొద్దున చెంబు వచ్చేస్తుంది. మొదటిసారి ఇది తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టుకున్నాను, మా అవ్వ ఏమైందోనని తొంగి చూసింది.

అవును, ఈ టీవీ వాన అంటే వాన పడుతుంది. ప్రతిసారీ. అనంతపురంలో పుట్టినవాడికి ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద కల్పన ఇదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది మా జిల్లా సగటు వాన, అది కూడా ఎప్పుడు పడుతుందో, ఎక్కడ ఎగ్గొడుతుందో తెలియదు.

(తెర మీద: ఎండిపోయిన కాలీఫ్లవర్ మొక్కలు. కెమెరా మెల్లగా పక్కకు.)

ఇదిగో ఇది నా తప్పు. ఇక్కడ ఒక్కో రుతువు 28 రోజులు. వసంతం 18వ తారీఖున 20 కాలీఫ్లవర్ పెట్టాను. ఒక్కో విత్తనం 80, మొత్తం 1600, అప్పటికి నా దగ్గరున్న డబ్బంతా. అది పండడానికి 12 రోజులు. 18కి 12 కలపండి. ఎండాకాలం ఒకటో తారీఖు పొద్దున లేచేసరికి మొత్తం మలమల మాడిపోయి ఉంది. ఆట మోసం చేసిందని తిట్టుకున్నాను. తర్వాత చూస్తే విత్తనాల మీద ఎన్ని రోజులో శుభ్రంగా రాసి ఉంది. అదునూ పదునూ చూడకుండా విత్తింది నేనే.

మా నాయన ఒకరోజు వెనక నిలబడి కాసేపు చూశాడు. ఆ రోజు నేను గనిలో ఉండిపోయి పంటకు నీళ్లు పోయలేదు.

"నీళ్లు పోయలేదే, ఎండిపోదా?" అన్నాడు.

ఎండదు నాయనా, పెరగడం ఆగుతుంది, అంతే అన్నాను.

"వంద తెచ్చి అమ్మినా అదే రేటు ఇస్తారా?"

అదే రేటు. రాత్రి పెట్టెలో వేస్తే పొద్దునకు డబ్బు.

"అప్పు?"

అసలు అప్పే లేదు నాయనా ఇందులో.

"అయితే బాగుంది, ఆడుకో," అని వెళ్లిపోయాడు.

ఆయన అడిగిన మూడూ ఈ ఆటలో లేవు: బెట్ట, ధర పడిపోవడం, వడ్డీ. పత్తికొండ మార్కెట్లో టమాటా రేటు పడితే రైతులు రోడ్డు మీద కుమ్మరించి పోయిన రోజులు మనం చూశాం. ఇక్కడ మీరు ఎంత తెచ్చి పోసినా రేటు కదలదు. దీన్ని ఆట తప్పు అని నేను అనను, ఎందుకంటే వ్యవసాయం నేర్పుతానని అది ఎక్కడా చెప్పుకోలేదు. కష్టానికి తప్పకుండా ఫలితం దొరికే చోటు ఒకటి కట్టింది. కాని "రైతు బతుకు ఇంత హాయిగా ఉంటుందా" అని ఎవరైనా కామెంట్ పెడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న ఒక్క నిజం కాకులు. దిష్టిబొమ్మ పెట్టకపోతే వచ్చి పంట తినేస్తాయి.

పంటలు కాక గని ఉంది, 120 అంతస్తులు, ప్రతి ఐదు అంతస్తులకు లిఫ్ట్ ఆగుతుంది, కత్తి పట్టుకుని పురుగుల్ని కొట్టుకుంటూ దిగాలి. పోరాటం మామూలుగా ఉంటుంది, గొప్పగా లేదు. చేపలు పట్టడం గురించి అడగొద్దు. ఆకుపచ్చ గీతలో చేపను నిలబెట్టాలి, మొదటి వారం నాకు చెత్త, నాచు తప్ప ఏమీ పడలేదు. అలవాటైతే బాగుంటుంది, కాని అలవాటయ్యేలోపు సగం మంది వదిలేస్తారు.

ఇంకో పెద్ద లోపం. ఆట సేవ్ అయ్యేది పడుకున్నప్పుడు మాత్రమే. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మా ఊళ్లో సాయంత్రం కరెంటు ఒకసారి పోయి రావడం మామూలే. ఒకరోజు గనిలో 80వ అంతస్తు దాకా దిగి, వజ్రం దొరికి, ఇంటి తలుపు దాకా వచ్చాను. ఠప్‌మని కరెంటు పోయింది. మళ్లీ అదే పొద్దున, అదే కోడి కూత. వజ్రం లేదు. రెండు రోజులు ఆట ముట్టుకోలేదు.

కథ

(తెర మీద: మంచం మీద తాత, చేతిలో ఉత్తరం.)

తాత చనిపోతూ మనవడికి ఒక ఉత్తరం ఇస్తాడు, బతుకు భారమైన రోజున తెరువు అని. మనవడు జోజా అనే పెద్ద కంపెనీలో కంప్యూటర్ ముందు నలిగిపోతూ ఒకరోజు తెరుస్తాడు. తాత పొలం తన పేరున ఉంది. బస్సెక్కి పెలికాన్ టౌన్ వెళ్లిపోతాడు. మొదలు ఇంతే. తర్వాత కథ మిమ్మల్ని లాక్కెళ్లదు. ఊరి మనుషులతో మాట్లాడుతూ, వారానికి రెండుసార్లు ఏదో ఒకటి చేతిలో పెడుతూ మీరే తవ్వుకోవాలి.

ఊళ్లో జోజా కంపెనీ సూపర్‌మార్కెట్ ఒకటి ఉంది, దానికి పోటీగా పియెర్ చిల్లర కొట్టు. పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ను ఊరి పంటలతో, చేపలతో ఒక్కో గది నింపుతూ మీరే బాగుచేయొచ్చు, లేదా 5000 కట్టి జోజాలో సభ్యత్వం తీసుకుని డబ్బుతో పని కానివ్వొచ్చు. ఆట ఏది మంచిదో గట్టిగా చెప్పదు. నేను మొదటి దారి తీసుకున్నాను, ఒక్క పంట మరిచిపోయినందుకు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చింది.

మనుషుల్లో షేన్ గుర్తుండిపోతాడు. తాగుతాడు, పలకరిస్తే విసుక్కుంటాడు. ఓపిగ్గా దగ్గరైతే అతని లోపల ఏముందో బయటపడే సీన్ ఒకటి ఉంది. చెప్పను, కాని పిల్లలు ఆడుతుంటే ఆ సీన్ దగ్గర పెద్దవాళ్లు పక్కన ఉండడం మంచిది. రెండో ఏడాది కెంట్ యుద్ధం నుంచి తిరిగొస్తాడు. అప్పటిదాకా అతను లేని ఇంటిని చూసి ఉంటాం కాబట్టి అది బరువుగా తగులుతుంది.

బాగాలేనిది కూడా చెప్పాలి. మాటలు తొందరగా అయిపోతాయి. 12 మందిలో ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చు, కాని పెళ్లయ్యాక ఆ మనిషి వంటింట్లో నిలబడి అవే నాలుగు మాటలు తిప్పి తిప్పి చెబుతుంటే జాలేస్తుంది. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఆట మొత్తం చదవడమే కాబట్టి ఇంగ్లీషు రానివాళ్లకు కథ సగం పోతుంది. మూడో ఏడాది మొదటి రోజు తాత మళ్లీ కనిపించి మీ పొలానికి లెక్క చెబుతాడు. నాలుగు దీపాలకు నాకు మూడే వెలిగాయి.

ధర

స్టీమ్‌లో నేను చూసినప్పుడు పూర్తి ధర 480 రూపాయలు. నేను సేల్‌లో 288కి కొన్నాను. ఒకసారి కొంటే అంతే. మధ్యలో ప్రకటన లేదు, వజ్రాలు కొను, రంగు చొక్కా కొను అని అడగదు. ఉచితం అని మొదలుపెట్టి తుపాకీకి బంగారు రంగు వేయించుకోవడానికి నెలకు 500 పెట్టే తమ్ముళ్లు మన దగ్గర ఎంతమందో. 74 గంటలకు నాకు పడింది గంటకు నాలుగు రూపాయల లోపే. స్నేహితులతో కలిసి ఒకే పొలం కూడా చేసుకోవచ్చు, కాని వేరే వేరే పీసీల్లో ఆడాలంటే ఎవరి కాపీ వాళ్లు కొనాలి. ఫోన్‌లోనూ ఉంది. నా వేళ్లకు ఆ చిన్న తెర మీద చేపలు పట్టడం అసాధ్యం.

తీర్పు

(తెర మీద: దిష్టిబొమ్మ పక్కన నిలబడ్డ మన బొమ్మ, సాయంత్రం.)

పదికి ఎనిమిది. కోసిన ఒక మార్కు సేవ్ పద్ధతికి, ఇంకోటి పెళ్లి తర్వాత మూగబోయే మనుషులకు. బెట్ట, అప్పు లేవని మార్కు కోయలేదు, అది నా గొడవ.

ఇంగ్లీషు చదవగలిగి, రోజూ అరగంట నెమ్మదిగా ఆడే అలవాటుంటే 480కైనా కొనండి. తొందరపడేవాళ్లు, చేపల దగ్గర మౌస్ విసిరేసేవాళ్లు సేల్ వచ్చేదాకా ఆగండి. పోరాటం కోసమే ఆటలు ఆడేవాళ్లకు ఇది వద్దు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే ముందు యూపీఎస్ చూసుకోండి, తర్వాత పార్స్నిప్ విత్తండి.

(తెర మీద: రాత్రి, దీపం ఆరుతుంది. సేవ్ అవుతున్న తెర. కట్.)